మొక్కల ప్రోటీన్ పొడి కొనేముందు: ఒక తీసివేత లెక్క, ఒక ల్యాబ్ కాగితం

మా అమ్మ కావలిలో ఉంటుంది. అరవై నాలుగేళ్లు, పదేళ్లుగా మధుమేహం. నిరుడు మోకాలి ఆపరేషన్ తరువాత తొడల్లో కండ బాగా తగ్గిపోయింది. కొన్ని నెలలపాటు తిండితోపాటు ప్రోటీన్ పొడి కూడా తీసుకోమని డాక్టరుగారు చెప్పారు. మూత్రపిండాల పరీక్షలు చూసిన తరువాతే ఆ మాట అన్నారు. అది లేకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు. పాలు అమ్మకు పడవు కాబట్టి నెల్లూరు ట్రంకురోడ్డులోని ఒక దుకాణంలో మొక్కల ప్రోటీన్ అడిగాను. అరకిలో డబ్బా 900 రూపాయలు. దాని మీద పచ్చి బఠాణీల బొమ్మ, పెద్ద అక్షరాలతో ‘నో యాడెడ్ షుగర్’ అన్న మాట ఉన్నాయి.

వారం తిరక్కముందే అమ్మ ఫోన్ చేసింది. "ఈ పొడి తాగిన పూట షుగరు పెరుగుతోంది నాయనా, నేనేమీ తీపి తినలేదు" అంది. ఆ ఆదివారం వెళ్లి పక్కనే కూర్చుని చూశాను. ఉదయం ఏమీ తినకముందు 124. డబ్బాలోని కొలత చెంచాతో ఒక చెంచా పొడి నీళ్లలో కలిపి ఇచ్చి, ఇంకేమీ పెట్టకుండా గంట ఆగి చూస్తే 168. అప్పుడు డబ్బా వెనక్కి తిప్పి, కాగితం మీద లెక్క వేసుకుంటూ చదివాను. నేను చదివిన వరుసలోనే మీరూ చదవండి.

మొదట తీసివేత

ముందువైపు రాసినదంతా వదిలేయండి. వెనక ఉన్న పోషకాల పట్టికలో అయిదు అంకెలు చాలు: ఒక వాడకం ఎన్ని గ్రాములు, అందులో ప్రోటీన్ ఎంత, మొత్తం కార్బోహైడ్రేట్ ఎంత, దాని కింద చక్కెర, పీచు ఎంతెంత. అమ్మ డబ్బాలో ఒక వాడకం 40 గ్రాములు. ప్రోటీన్ 18, కార్బోహైడ్రేట్ 16, చక్కెర 0.8, పీచు 1.2.

ఇప్పుడు మొత్తం కార్బోహైడ్రేట్‌లోంచి చక్కెరనూ పీచునూ తీసేయండి. 16లోంచి 0.8, 1.2 పోతే 14 గ్రాములు మిగులుతుంది. ఇది చక్కెర కాదు, పీచూ కాదు. మరి ఏమిటి? పిండిపదార్థమో, పిండిని విరగ్గొట్టి చేసిన మాల్టోడెక్స్‌ట్రినో అయి ఉండాలి. పదార్థాల జాబితా చూస్తే మొదటిది బఠాణీ ప్రోటీన్ ఐసోలేట్, అంటే బఠాణీలోంచి ప్రోటీన్‌ను విడదీసి తీసిన పొడి. దాని తరువాత రెండో పేరే మాల్టోడెక్స్‌ట్రిన్.

నియమం ప్రకారం ఈ జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తరువాత రాయాలి. రెండో స్థానంలో ఉందంటే చిటికెడు కాదు. మంచి బఠాణీ ఐసోలేట్‌లో నూటికి ఎనభై పాళ్లు ప్రోటీన్ ఉంటుంది. కాబట్టి 18 గ్రాముల ప్రోటీన్ రావడానికి 22.5 గ్రాముల ఐసోలేట్ చాలు. 40 గ్రాములలో అది పోను మిగిలిన 17.5 గ్రాములలో 14 మాల్టోడెక్స్‌ట్రిన్, మిగతాది కోకో, రుచి, జిగురు. అరకిలో డబ్బాలో 175 గ్రాములు, అంటే మూడో వంతుకు పైగా, నేను ప్రోటీన్ అనుకుని కొన్న పిండి.

ఇందులో చట్టాన్ని దాటిన అబద్ధం లేదు. అందుకే చాలామంది మోసపోతారు. లేబుల్ భాషలో చక్కెర అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్, లాక్టోజ్ వంటి చిన్న చక్కెరలు. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే గ్లూకోజ్ అణువుల పొట్టి గొలుసు. అందుకని అది చక్కెర గడిలోకి రాదు, నాలుకకూ పెద్దగా తియ్యగా ఉండదు. పేగులోకి చేరాక మాత్రం ఆ గొలుసు నిమిషాల్లో తెగి గ్లూకోజ్ అయిపోతుంది. వంద గ్రాములలో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే ‘షుగర్ ఫ్రీ’ అని కూడా రాసుకోవచ్చు. మాల్టోడెక్స్‌ట్రిన్‌లో చాలా భాగం ఆ అర గ్రాము లెక్కలోకి రాదు.

మీ డబ్బాకు ఈ తీసివేత చేస్తే రుచి కలపని పొడిలో సాధారణంగా రెండు మూడు గ్రాములకు మించి మిగలకూడదు. అయిదు దాటితే పదార్థాల జాబితాలో కారణం వెతకండి. అది మాల్టోడెక్స్‌ట్రిన్ పేరుతోనే ఉండాలని లేదు. గ్లూకోజ్ సిరప్ సాలిడ్స్, ఓట్స్ పిండి, బియ్యప్పిండి, సోయా పిండి అని ఉండవచ్చు. ఖర్జూరప్పొడి, బెల్లం, కొబ్బరి చక్కెర ఉంటే మంచివేనన్న భావన మనవారిలో ఎక్కువ. గ్లూకోమీటరుకు ఆ తేడా తెలియదు.

జిగురుల విషయంలో మాత్రం కంగారు పడనక్కరలేదు. గోరుచిక్కుడు గింజల జిగురు 412 అనీ, జాంథాన్ 415 అనీ అంకెలతో రాస్తారు. పొడి నీళ్లలో అడుగున పేరుకోకుండా ఉండడానికి అవి కొద్దిగా వేస్తారు. జాబితా చివర్లో ఉంటే వదిలేయండి. ‘ప్రోటీన్ మిశ్రమం’ అని ఒకే పేరు కింద రెండు మూడు పదార్థాలు చేర్చి, ఏది ఎంతో చెప్పని డబ్బాను మాత్రం నేను కొనను. ఆ పేరు చాటున ఐసోలేట్ తక్కువ, పిండి ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

ధరను కూడా ఇలాగే చూడాలి. అమ్మ డబ్బాలో 100 గ్రాములకు ప్రోటీన్ 45 గ్రాములు, అంటే 900 రూపాయలకు 225 గ్రాములు, గ్రాముకు నాలుగు రూపాయలు. పక్కనే ఉన్న, రంగూ రుచీ లేని ఇంకో అరకిలో పొడి 1,500. ఎక్కువని అప్పుడు వద్దనుకున్నాను. అందులో 30 గ్రాములకు 24 గ్రాముల ప్రోటీన్. అంటే డబ్బా మొత్తంలో 400 గ్రాములు, గ్రాముకు 3 రూపాయల 75 పైసలు. ఖరీదైనదనుకున్నదే చవక.

అయోడిన్ చుక్క

పిండి కలిపారా అన్నది కొంతవరకు ఇంట్లోనే పట్టుకోవచ్చు. గాయాలకు వాడే పోవిడోన్ అయోడిన్ మందు అందరిళ్లలోనూ ఉంటుంది. తెల్లని పింగాణీ సాసర్లలో ఒకదానిలో అరచెంచా ప్రోటీన్ పొడి, ఇంకొకదానిలో అరచెంచా బియ్యప్పిండి వేసి, రెండింటినీ నీళ్లతో జారుగా కలపండి. ఒక్కొక్కదానిలో రెండు చుక్కల మందు వేయండి. బియ్యప్పిండి చూస్తుండగానే నేరేడు పండు రంగుకు తిరుగుతుంది. ప్రోటీన్ పొడి కూడా ముదురు నీలంలోకి తిరిగితే అందులో బియ్యప్పిండో ఓట్సో గట్టిగానే ఉంది. మందు రంగులోనే గోధుమగా, పసుపుగా ఉండిపోతే పిండి పెద్దగా లేదు. బఠాణీలో సహజంగా మిగిలిన పిండి వల్ల అక్కడక్కడ చిన్న నీలి చుక్కలు కనిపిస్తే అది తప్పు కాదు. పరీక్షించిన పొడిని పారేసి సాసర్లు బాగా కడగండి.

ఈ పరీక్ష మాల్టోడెక్స్‌ట్రిన్‌ను పట్టలేదు. దాని గొలుసులు పొట్టివి కాబట్టి అయోడిన్ నీలంగా మారదు. అమ్మ డబ్బాలోని పొడిలోనూ నీలం కనబడలేదు. పైగా అందులో కోకో ఉంది, చాక్లెట్ పొడి రంగులో అసలు ఏమీ తేలదు. కాబట్టి అయోడిన్ నీలంగా మారితే పిండి ఉందని నమ్మండి, మారకపోతే తీసివేత లెక్కనే నమ్మండి.

ల్యాబ్ కాగితం చదవడం

తీసివేత లెక్క లేబుల్ మీది అంకెలు నిజమైతేనే పనిచేస్తుంది. ఆ అంకెలే తప్పయితే? కేరళ వైద్యుల బృందం ఆధ్వర్యంలో మన దేశ మార్కెట్లోని 36 ప్రోటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 70 శాతం వాటిలో ప్రోటీన్ లేబుల్ మీద రాసినట్లు లేదు. కొన్నింటిలో చెప్పినదానిలో సగమే ఉంది. అందుకే బయటి ల్యాబ్ కాగితం అడగాలి.

ఈ కాగితం ఎలా చదవాలో మన తీరంలో రొయ్యల చెరువున్నవారికి విడిగా చెప్పక్కరలేదు. ఎగుమతికి పోయే రొయ్యను పట్టకముందే నిషేధించిన యాంటీబయాటిక్స్ కోసం పరీక్ష చేయిస్తారు. ఆ కాగితం ఏ చెరువుదో ఆ చెరువుకే చెల్లుతుంది. పక్క చెరువు కాగితం చూపిస్తే కొనేవాడు ఒప్పుకోడు. ప్రోటీన్ పొడికి బ్యాచ్ సంఖ్యే చెరువు. డబ్బా అడుగునో మూత మీదో ఉన్న బ్యాచ్ సంఖ్య, కాగితం మీది బ్యాచ్ సంఖ్య ఒకటి కాకపోతే ఆ కాగితం మీ డబ్బాది కాదు. రెండేళ్ల కిందటి ఒకే కాగితాన్ని అన్ని బ్యాచ్‌లకూ చూపించేవారు ఎక్కువ.

డబ్బా మీద క్యూఆర్ ఉంటే దాన్ని తెరవండి. లేకపోతే కంపెనీకి రాయండి. నేను రాసింది ఇదే: "నా డబ్బా బ్యాచ్ సంఖ్య ఇది. ఈ బ్యాచ్‌కు బయటి ల్యాబ్ ఇచ్చిన పూర్తి నివేదిక పంపగలరు. ప్రోటీన్, అమైనో ఆమ్లాలు, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, చక్కెరలు అందులో ఉండాలి." మొదటి కంపెనీ ‘ల్యాబ్‌లో పరీక్షించినది’ అని రాసిన రంగుల బొమ్మ ఒకటి పంపింది. రెండో కంపెనీ, అంటే ఆ 1,500 రూపాయల పొడి చేసేవారు, రెండు రోజుల్లో నాలుగు పేజీల నివేదిక పంపారు. వారి స్వంత ఫ్యాక్టరీ ల్యాబ్ ఇచ్చే కాగితం కూడా ఒకటి ఉంటుంది. అది పనికిరానిదని కాదు, కానీ అది పరీక్ష రాసినవాడే దిద్దుకున్న పేపరు.

నివేదిక చేతికొచ్చాక పైభాగంలో ల్యాబ్ పేరు, ఎన్ఏబీఎల్ గుర్తు చూడండి. ఎన్ఏబీఎల్ అంటే మన దేశంలో ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ. ఆ గుర్తింపు ఉన్న ల్యాబ్ కాగితం మీద TC తో మొదలయ్యే ధ్రువపత్రం సంఖ్య ఉంటుంది. ఎన్ఏబీఎల్ వెబ్‌సైటులో ఆ ల్యాబ్‌ను వెతికితే గుర్తింపు ఇంకా నడుస్తోందా, ఏయే పరీక్షలకు ఇచ్చారు అన్నది కనిపిస్తుంది. ఈ రెండోది చాలామంది చూడరు. నీటి పరీక్షలకు గుర్తింపు ఉన్న ల్యాబ్ ఆహారంలో సీసం కొలవడానికి గుర్తింపు పొంది ఉండకపోవచ్చు. తరువాత ‘నమూనా ఎవరు ఇచ్చారు’ అన్న వరుస చూడండి. ‘కస్టమర్ ఇచ్చినది’ అని ఉంటే కంపెనీయే ఎంచి పంపిందని అర్థం. ల్యాబ్ తప్పు చేయలేదు, కానీ ఆ కాగితం ల్యాబ్‌కు వచ్చిన నమూనా గురించే మాట్లాడుతుంది, దుకాణంలో ఉన్న డబ్బా గురించి కాదు. మార్కెట్లో మామూలు కొనుగోలుదారులా కొని పరీక్షించే సంస్థల ఫలితం ఉంటే దానికి విలువ ఎక్కువ.

విదేశీ ముద్రలు కూడా ఏం పరీక్షిస్తాయో తెలుసుకుని నమ్మాలి. ‘ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్’ ప్రధానంగా క్రీడాకారులకు నిషేధించిన మందుల కోసం చూస్తుంది. ‘ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్’ దానితోపాటు లేబుల్ నిజమా, లోహాలు ఉన్నాయా అన్నదీ చూస్తుంది. మా అమ్మలాంటివారికి రెండోది ఎక్కువ ఉపయోగం.

సీసం వరుస దగ్గర ఆగండి

మొక్కల పొడిలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది ఈ వరుసే. వేళ్లు నేలలోంచి సీసం, కాడ్మియం లాగుతాయి. వరి ఆర్సెనిక్‌ను మిగతా పంటల కంటే ఎక్కువ తీసుకుంటుంది. పైగా కోకోలో సీసం, కాడ్మియం రెండూ ఉంటాయి, కాబట్టి చాక్లెట్ రుచి పొడిలో భారం పెరుగుతుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ 2025లో 23 ప్రోటీన్ ఉత్పత్తులను పరీక్షించినప్పుడు మొక్కల ప్రోటీన్‌తో చేసినవాటిలో సీసం సగటున పాల ప్రోటీన్‌తో చేసినవాటి కంటే తొమ్మిది రెట్లు ఉంది. రుచి లేని పొడినే కొనమని నేను చెప్పడానికి ఇది రెండో కారణం. మొదటిది ఎలాగూ మాల్టోడెక్స్‌ట్రిన్.

లెక్క ఎంతో సులువు. నివేదికలో సీసం కిలోకు మిల్లీగ్రాములలో ఇస్తారు. ఆ అంకెను మీరు రోజుకు తినే గ్రాములతో గుణిస్తే మైక్రోగ్రాములు వస్తాయి. 0.1 ఉంటే, 30 గ్రాములకు మూడు మైక్రోగ్రాములు. కాలిఫోర్నియా రాష్ట్రం హెచ్చరిక రాయమనే హద్దు రోజుకు అర మైక్రోగ్రాము, ఇది చాలా కఠినమైనది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ బిడ్డను కనే వయసు స్త్రీలకు ఆహారమంతటిలో కలిపి పెట్టుకున్న హద్దు 8.8 మైక్రోగ్రాములు. పిల్లలకు 2.2. ఒక్క పొడే ఆ హద్దులో మూడో వంతు తినేస్తుంటే రోజూ నెలల తరబడి తాగడానికి అది మంచి పొడి కాదు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇక్కడే పెద్ద మాయ ఒకటి ఉంది. చాలా కాగితాల మీద సీసం ఎదురుగా అంకె ఉండదు, BLQ అనో ND అనో ఉంటుంది. లేదు అని అర్థమనుకుంటాం. అసలు అర్థం, ఆ ల్యాబ్ కొలవగలిగిన కనిష్ఠం కంటే తక్కువ ఉంది అని. ఆ కనిష్ఠమే LOQ. అది 0.5 అయితే 30 గ్రాముల పొడిలో దాదాపు 15 మైక్రోగ్రాముల సీసం ఉన్నా ఆ కాగితం ‘కనబడలేదు’ అనే రాస్తుంది. పశువుల బరువు తూచే కాటా మీద బంగారం పెట్టి బరువేమీ లేదన్నట్లు. ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంతో LOQను 0.05 కంటే తక్కువకు తీసుకురావచ్చు. నాకు వచ్చిన నివేదికలో సీసం 0.03, LOQ 0.01 అని ఉంది. అమ్మ తాగే 30 గ్రాములకు 0.9 మైక్రోగ్రాములు. సున్నా కాదు, అయినా నిజమైన అంకె ఇచ్చారన్నదే నాకు నమ్మకం కలిగించింది.

ప్రోటీన్ వరుసలోనూ ఒక చిక్కు ఉంది. ల్యాబ్ నేరుగా ప్రోటీన్ కొలవదు. నత్రజని కొలిచి 6.25తో గుణిస్తుంది. చవకైన గ్లైసిన్ ఒక గ్రాము కలిపితే ఈ లెక్కలో 1.17 గ్రాముల ప్రోటీన్‌గా నమోదవుతుంది. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనబడితే ఆ డబ్బా కొనకండి. అమైనో ఆమ్లాల పట్టిక ఉంటే బఠాణీ ప్రోటీన్‌లో గ్లైసిన్ నూటికి నాలుగు దగ్గర ఉంటుంది. దానికి రెట్టింపు కనిపిస్తే కలిపారని అనుమానించవచ్చు.

అనుమానం తీరకపోతే

డబ్బా మీది పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యను foscos.fssai.gov.in లో వెతకండి. అందులో తయారీదారు పేరు, లైసెన్సు గడువు కనిపిస్తాయి. అది తయారీకి అనుమతి మాత్రమే, పొడి మంచిదన్న ధ్రువపత్రం కాదు. ఇంకా సందేహముంటే ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు కూడా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఆ ఉద్దేశం ఉందని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. ఇంటికి తెచ్చి విప్పిన డబ్బాతో ఆ దారి కుదరదు. తప్పు తేలితే రుసుము తిరిగి ఇస్తారు.

కొత్త పొడి వచ్చిన రోజు అమ్మ దగ్గర మళ్లీ అదే పరీక్ష చేశాను. తినకముందు 121, 30 గ్రాములు నీళ్లలో తాగి గంటయ్యాక 129. రుచి మాత్రం అమ్మకు నచ్చలేదు. ‘పచ్చి శనగపిండి నీళ్లలా ఉంది’ అంది. ఇప్పుడు కాస్త జీలకర్ర పొడి, ఉప్పు, నిమ్మరసం వేసి మసాలా మజ్జిగ పద్ధతిలో చేసుకుని తాగుతోంది.

మొన్న రెండో డబ్బా వచ్చింది. బ్యాచ్ సంఖ్య వేరు. పాత నివేదిక దీనికి చెల్లదు కాబట్టి మూత విప్పకుండా అల్మారాలో పెట్టించి మళ్లీ రాశాను. కాగితం వచ్చేదాకా అమ్మ మీల్‌మేకర్ కూర చేసుకుంటోంది. ఎండు మీల్‌మేకర్ వంద గ్రాములలో యాభై గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. దాని ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఉన్నది ఒక్కటే పేరు.